గుంటూరు అల్లుడు, మాడుగుల హల్వా

మాది వైజాగ్‌లో సీతమ్మధార. అక్కని గుంటూరు ఇచ్చాం. పెళ్లిలో మర్యాదల దగ్గర రాని పేచీలన్నీ ఆ తర్వాత కంచాల దగ్గర వచ్చాయి. పండక్కి అందరం చేరితే ఇవే చెప్పుకుని నవ్వుకుంటాం. సగం నిజం, మిగతాది మా బాబాయ్ పెట్టిన పోపు.

మా అమ్మ పులుసు పెడితే అనకాపల్లి బెల్లం పడాల్సిందే. కొత్తల్లుడు గుంటూరు వాడు కదా, చప్పగా ఉందంటాడేమోనని ఆ రోజు కారం గట్టిగా దట్టించింది. నాన్న ముక్కు తుడుచుకుంటున్నారు, తమ్ముడు నీళ్ల చెంబు వదలడం లేదు. బావ మాత్రం ఆఖరి చుక్క దాకా జుర్రుకుని, "పాయసం అదిరిందత్తయ్యా. పులుసు ఎప్పుడు వడ్డిస్తారు?" అన్నాడు.

వియ్యపురాలు ఊరుకుంటుందా? గోంగూర పండుమిరప పచ్చడి జాడీతో పంపింది. మొదటి ముద్దకే నాన్న కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి.

"కారమా అండీ?" అంది అమ్మ.

"ఛ, కారమేంటి! మా అమ్మ గుర్తొచ్చింది."

"అత్తయ్యగారు హాల్లో టీవీ చూస్తున్నారు కదండీ!"

హాల్లోంచి నానమ్మ: "ఏట్రా, నన్ను తలుచుకుని ఏడుస్తున్నావా? నాకూ ఒక ముద్ద కలిపి తే, నేనూ ఏడుస్తాను."

ఆర్కే బీచ్‌లో మూరీ మిక్చర్ బండి దగ్గరా ఇదే గొడవ. బావ "కారం ఎక్కువ" అంటాడు, అక్క "అస్సలొద్దు" అంటుంది. మాటకి మాట పెరిగాక బండి అతను పొట్లం చేతిలో పెట్టి, "నేనేమీ వెయ్యలేదమ్మా. మీ మాటల్లోనే సరిపోయింది" అన్నాడట. ఇది బాబాయ్ కల్పనేనని నా అనుమానం.

ఇక తీపి సంగతి. పిల్లల కంట పడకుండా అమ్మ అరిసెలు మెంతుల డబ్బాలో దాచేది. నాలుగు రోజులైనా ఎవరికీ తెలియలేదు. ఐదో రోజు తమ్ముడు వచ్చి, "అమ్మా, నాన్నకి ఏదో అయింది. అర్ధరాత్రి లేచి మెంతులు తింటూ నవ్వుతున్నారు" అన్నాడు.

మాడుగుల హల్వా దగ్గర మాత్రం పరువు, మర్యాద ఏవీ పనిచేయవు. డబ్బాలో ఒక్క ముక్క మిగిలింది, పైన జీడిపప్పుతో సహా. పెళ్లయిపోయిన ఆడపిల్లనని అక్క, అల్లుణ్ణని బావ, చిన్నవాణ్ణని తమ్ముడు. అరుపులు వీధిలోకి వినిపిస్తున్నాయి. తాతయ్య నెమ్మదిగా వచ్చి, ఆ ముక్క నోట్లో వేసుకుని కూర్చున్నారు.

"అయ్యో, మీకు షుగర్ కదండీ!" అని నానమ్మ గుండెలు బాదుకుంది.

"మీ గొడవకి బీపీ పెరిగేలా ఉందే. బీపీ మాత్రలు నిన్ననే అయిపోయాయి. షుగర్ మాత్రలు ఇంకా ఉన్నాయి."