నోటీసులోని నాలుగో పేరా: మామూలు తెలుగులో

మాస్టారూ, ఆదాయపు పన్ను నోటీసు నుంచి మీరు పంపిన పేరా ఇది: “సెక్షన్ 143(1) కింద రిటర్ను పరిశీలించిన మీదట, క్లెయిము చేసిన మూలంలో పన్ను కోత ఫారం 26ఏఎస్‌తో సరిపోలనందున, వ్యత్యాసపు మొత్తం సెక్షన్ 156 కింద డిమాండుగా పరిగణించబడును.”

దీని అర్థం ఇదీ.

2024-25లో మీ జీతం నుంచి 46,000 రూపాయల పన్ను కోశారని రిటర్నులో చూపారు. ఆదాయపు పన్ను శాఖ లెక్కలో, అంటే ఫారం 26ఏఎస్‌లో, మీ పాన్ పేరిట 28,000 మాత్రమే ఉంది. తేడా 18,000 రూపాయలు, దానిపై వడ్డీ, మీరు కట్టాలంటున్నారు. మీరు తప్పు చేశారని ఇందులో ఎక్కడా లేదు.

ఆ 18,000 జనవరి నుంచి మార్చి దాకా కోసిన మొత్తమే. మీ జీతం బిల్లు పెట్టే కార్యాలయం ఆ మూడు నెలల పన్ను కోత, అంటే టీడీఎస్ వివరాలను మే 31లోగా దాఖలు చేయాలి. చేయలేదో, మీ పాన్ తప్పుగా వేశారో కనుక్కోండి. కావలిలోనే కదా, ఫోను కంటే స్వయంగా వెళ్లడం మేలు. సరిచేసిన వివరాలు దాఖలు చేయమని రాతపూర్వకంగా అడగండి.

జీతం నుంచి నిజంగా కోసిన పన్నును మళ్లీ మీ దగ్గర వసూలు చేయకూడదని సెక్షన్ 205 చెబుతోంది. అందుకే ఇప్పుడే డబ్బు కట్టకండి. అలాగని ఊరుకోకండి. నోటీసు అందిన 30 రోజుల్లోగా పోర్టల్‌లో `Response to Outstanding Demand` తెరిచి, డిమాండుతో ఏకీభవించడం లేదని తెలపండి. ఆ మూడు నెలల జీతం స్లిప్పులు దగ్గర ఉంచుకోండి. గడువు దాటితే నెలకు 1 శాతం వడ్డీ పడవచ్చు. 26ఏఎస్‌లో అంకె మారాక సెక్షన్ 154 కింద సవరణ కోరదాం.