లిఫ్టులో పలకరింపు: సంభాషణ పాఠం

చోటు: నెల్లూరు, మాగుంట లేఅవుట్‌లో ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంట్.
వేళ: శనివారం, ఉదయం ఏడున్నర.

రమణమ్మ గారికి 64 ఏళ్లు. 401లో ఉంటారు. సొంతూరు కోవూరు దగ్గర పల్లె. బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. కార్తీక్‌కు 29. విశాఖపట్నం నుంచి ఉద్యోగం మీద వచ్చి, రెండు నెలల కిందట 302లో అద్దెకు దిగాడు. మూడో పాత్ర లిఫ్టు. పాతది, గ్రిల్ తలుపులది. దానికి వచ్చింది ఒకే వాక్యం, అదీ ఇంగ్లీషులో.

(లిఫ్టు నాలుగో అంతస్తు నుంచి దిగుతూ మూడో అంతస్తులో ఆగింది. లోపల రమణమ్మ గారు, చేతిలో పూల సజ్జ. కార్తీక్ గ్రిల్ లాగి లోపలికొచ్చాడు. భుజాన బ్యాగు.)

కార్తీక్: నమస్కారం ఆంటీ! బాగున్నారా?

రమణమ్మ: ఆఁ, బాగుండాను అబ్బయ్యా. నువ్వెట్టుండావు?

కార్తీక్: బాగున్నాను ఆంటీ.

లిఫ్టు: ప్లీజ్ క్లోజ్ ద డోర్.

రమణమ్మ: ఆ బయటి తలుపు గట్టిగా లాగు. సగం పడితే ఇది కదలదు.

కార్తీక్: (లాగి) ఆఁ, పడింది.

రమణమ్మ: ఏంది, పొద్దున్నే బ్యాగు తగిలించుకున్నావు? దూరమా?

కార్తీక్: ఒంగోలు దాకా ఆంటీ. ఆఫీసు పని. రాత్రికి వచ్చేస్తాను.

ఇక్కడ కాసేపు ఆగుదాం. 'బాగున్నాను' అని పుస్తకంలో నేర్చుకున్నారు. నెల్లూరులో 'బాగుండాను' అని వినబడితే తప్పు అనుకోకండి, ఇక్కడి పలుకుబడి అంతే. 'ఎలా ఉన్నావు' ఇక్కడ 'ఎట్టుండావు' అవుతుంది. 'అబ్బయ్యా' అనేది వయసులో చిన్నవాడైన మగవాణ్ణి ఆప్యాయంగా పిలిచే మాట. మొదటి వారం రమణమ్మ గారు కార్తీక్‌ను 'మీరు' అనేవారు. ఇప్పుడు 'నువ్వు'లోకి దిగారు. అది చులకన కాదు, దగ్గరితనం. కానీ కార్తీక్ మాత్రం ఎన్నేళ్లయినా ఆమెను 'మీరు' అనే అనాలి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట 'దూరమా?'. ఇంట్లోంచి బయటికి అడుగు పెట్టినవాళ్లను 'ఎక్కడికి?' అని అడిగితే పని చెడుతుందని పెద్దవాళ్ల నమ్మకం. అందుకే తెలుసుకోవాలని ఉన్నా ఆ ప్రశ్నను చుట్టు తిప్పి 'దూరమా?' అంటారు, లేదా 'బయల్దేరావా?' అంటారు. మీరు నమ్మినా నమ్మకపోయినా పెద్దవాళ్ల దగ్గర ఈ మాటే వాడండి. మా అమ్మమ్మను ఒకసారి 'ఎక్కడికి?' అని అడిగాను. ఆమె గుమ్మం దాటినదల్లా వెనక్కొచ్చి, కుర్చీలో కూర్చుని, గ్లాసుడు మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరింది. ఆ రోజు బస్సు తప్పింది. అదీ నా ఖాతాలోనే పడింది.

(లిఫ్టు రెండో అంతస్తులో ఆగింది. బయట ఎవరూ లేరు.)

కార్తీక్: ఏంటిది, ఎవరూ లేరే!

రమణమ్మ: ఆ పిల్లోడే. బటన్ నొక్కి మెట్ల మీద పరిగెత్తుతాడు. రోజూ ఇదే పని వాడికి. సరేగానీ, టిఫిన్ తిన్నావా?

కార్తీక్: లేదు ఆంటీ. బస్టాండులో ఏదో ఒకటి తినేస్తాను.

రమణమ్మ: ఏదో ఒకటేంది? ఇంట్లో దోసెల పిండి ఉండనే ఉంది. ఒక్క మాట చెప్పుంటే రెండు పోసిచ్చేదాన్ని గదా!

కార్తీక్: అయ్యో, పర్వాలేదు ఆంటీ. మీరు గుడికా?

రమణమ్మ: అవును నాయనా, రంగనాయకుల స్వామి గుడికి. నువ్వు చూశావా?

కార్తీక్: ఇంకా లేదు ఆంటీ.

రమణమ్మ: రెండు నెలలుగా నెల్లూరులో ఉండి చూడలేదా! పెన్న ఒడ్డునే గదా. సరే, అదట్లా ఉంచు. రేపు రాత్రికి మా ఇంటికి రా, చేపల పులుసు తిందువుగాని. ఈరోజు శనివారం, నేను నీసు ముట్టను. రేపు పొద్దున్నే మామిడికాయ వేసి పెడతాను. ఒక పూట ఆగితేనే ముక్కకు పులుసు పడుతుంది.

కార్తీక్: మీకెందుకు ఆంటీ శ్రమ...

రమణమ్మ: శ్రమేముంది? ఎట్టాగూ పెడతాను. ఎనిమిదికల్లా వచ్చెయ్.

కార్తీక్: సరే ఆంటీ, తప్పకుండా వస్తాను.

'టిఫిన్ తిన్నావా?' అనేది సగం ప్రశ్న, సగం పలకరింపు. 'తిన్నాను, మీరు తిన్నారా?' అంటే చాలు. ఏం తిన్నారో, ఎన్ని తిన్నారో చెప్పనక్కర్లేదు. పైన కార్తీక్ 'లేదు' అని నిజం చెప్పాడు కాబట్టి దోసెల దాకా వెళ్లింది. అలాంటప్పుడు 'వద్దు' అంటే మొహం మీద తలుపు వేసినట్టుంటుంది. 'పర్వాలేదు' అంటే మెత్తగా తప్పుకోవచ్చు. భోజనానికి పిలిచినప్పుడు మొదటిసారే 'సరే' అనకుండా ఒకసారి మొహమాటపడటం ఇక్కడి మర్యాద. రెండుసార్లు మొహమాటపడితే మాత్రం నిజంగానే రాడేమో అనుకుంటారు.

కార్తీక్ 'ఏంటి' అన్నాడు, రమణమ్మ గారు 'ఏంది' అన్నారు. రెండూ ఒకటే మాట. మీ నోటికి ఏది తేలికైతే అది అనండి, చెవికి మాత్రం రెండూ అలవాటు చేసుకోండి.

(లిఫ్టు కిందికి చేరింది. కార్తీక్ గ్రిల్ తెరిచి పట్టుకున్నాడు.)

రమణమ్మ: నువ్వు ముందు దిగు, నీకు బస్సుకు టైమవుతుంది.

కార్తీక్: పర్వాలేదు, మీరు పదండి ఆంటీ.

లిఫ్టు: ప్లీజ్ క్లోజ్ ద డోర్.

రమణమ్మ: దీని తొందరొకటి! దిగనిస్తుందా మనల్ని?

కార్తీక్: (నవ్వి, తలుపు వేసి) సరే ఆంటీ, వెళ్లొస్తాను.

రమణమ్మ: పోయిరా నాయనా. జాగ్రత్త.

చివరి రెండు మాటలు బట్టీ పట్టండి. 'వెళ్తాను' అని ఊరుకుంటే మళ్లీ రానన్నట్టు వినబడుతుంది. అందుకే 'వెళ్లొస్తాను', అంటే వెళ్లి మళ్లీ వస్తాను. 'పో' ఒక్కటే అంటే కసురుకున్నట్టు. దానికి 'రా' తగిలించి 'పోయిరా' అంటే దీవెన. ఇది పెద్దవాళ్లు చిన్నవాళ్లతో అనే మాట. కార్తీక్ తిరిగి రమణమ్మ గారిని సాగనంపాలంటే 'వెళ్లిరండి' అనాలి.

ఇప్పుడు అభ్యాసం. తలుపు దగ్గర నాలుగు కుర్చీలు అడ్డం పెట్టి లిఫ్టు చేద్దాం. ఇద్దరిద్దరుగా రండి, ఒకరు పెద్ద, ఒకరు చిన్న. మూడో అంతస్తు నుంచి కిందికి 40 సెకన్లు, నేను గడియారం చూస్తాను. ఆలోగా పలకరించాలి, తిన్నారా అని అడగాలి, సెలవు తీసుకోవాలి. చివర్లో 'వెళ్తాను' అన్నవాళ్లు మళ్లీ మూడో అంతస్తు నుంచి దిగాలి. లిఫ్టు గొంతు ఎవరిస్తారు?