గడువు తీరిన డొమైన్ పునరుద్ధరణకు పాలకవర్గం ఆమోదం కోరుతూ కోశాధికారి లేఖ

యాదాద్రి భువనగిరి జిల్లా
తేదీ: 24 జూన్ 2025

మన చేనేత పరస్పర సహాయ సహకార సంఘం అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, పాలకవర్గ సభ్యులందరికీ

విషయం: సంఘం వెబ్‌సైటు, ఈమెయిల్ నడిచే డొమైన్ పేరు గడువు తీరిపోయినందున దాన్ని తిరిగి పొందడానికి 12,921 రూపాయల ఖర్చుకు అనుమతి కోరడం గురించి.

అయ్యలారా, అమ్మలారా,

జూన్ 16న చెన్నైలో మన చీరలు అమ్మే వ్యాపారి ఒకరు నాకు ఫోన్ చేసి, తాము పంపిన రెండు మెయిళ్లూ తిరిగి వచ్చాయని, సంఘాన్ని ఎత్తివేశారా అని అడిగారు. ఆ వెంటనే గోదాములో మడత పెట్టి ఉన్న ఒక డబుల్ ఇక్కత్ చీర తీసి, దాని లేబుల్ మీది క్యూఆర్ కోడును ఫోన్‌తో చూడగా, మన మగ్గాల బొమ్మలు రావలసిన చోట అసలు పేజీయే తెరుచుకోలేదు. విచారిస్తే మన .com పేరు గడువు మే 11నే ముగిసిందని తేలింది.

ఇది ఎలా జరిగిందో దాచకుండా చెప్పడం నా బాధ్యత. ఈ పేరును 2019లో మనకు వెబ్‌సైటు చేసి పెట్టిన కుర్రవాడు తన సొంత ఈమెయిల్‌తో, తన పేరు మీద నమోదు చేశాడు. గడువుకు ముందు పంపిన హెచ్చరికలన్నీ అతడు ఇప్పుడు చూడని ఆ పాత మెయిల్‌కే వెళ్లాయి. రుసుము దానంతట అదే చెల్లేలా పెట్టిన కార్డు కాలం కూడా తీరిపోయింది. అతడి తప్పు ఇందులో తక్కువే. ఏటా మనం అతడికి తిరిగి ఇస్తున్న ఆ రుసుమును నేను ‘ఇతర ఖర్చులు’ పద్దులో రాస్తూ వచ్చానే గాని, గడువు తేదీని ఎక్కడా నమోదు చేయలేదు. ఆ లోపం నాది.

గడువు తీరగానే పేరు పూర్తిగా పోదు. డొమైన్ పేర్లు నమోదు చేసే మన రిజిస్ట్రార్ సంస్థ నియమం ప్రకారం జూన్ 10 వరకు మామూలు రుసుముతోనే, అంటే జీఎస్టీతో కలిపి 1,475 రూపాయలతో, ఏడాదికి పొడిగించుకునే వీలు ఉండేది. చెన్నై నుంచి ఫోన్ వచ్చింది దానికి ఆరు రోజుల తరువాత. ఇప్పుడు మన పేరు పక్కన redemptionPeriod అని చూపిస్తోంది. ఈ దశ 30 రోజులు ఉంటుంది. ఇందులో పాత హక్కుదారు మాత్రమే, అదనపు రుసుము కట్టి, పేరును వెనక్కి తెచ్చుకోగలడు. జూలై 10తో అది ముగిశాక pendingDelete అనే ఐదు రోజుల దశ వస్తుంది. ఆ ఐదు రోజుల్లో ఎంత డబ్బు ఇస్తామన్నా ఎవరూ చేయగలిగింది ఉండదు. ఆ తరువాత ఆ పేరు ముందుగా అడిగిన వారి సొంతం.

రిజిస్ట్రార్ లిఖితపూర్వకంగా ఇచ్చిన లెక్క ప్రకారం పునరుద్ధరణ రుసుము 7,200 రూపాయలు, మూడేళ్ల పొడిగింపు ఏడాదికి 1,250 చొప్పున 3,750 రూపాయలు, ఈ రెండింటి మీద 18 శాతం జీఎస్టీ 1,971 రూపాయలు, వెరసి 12,921 రూపాయలు. మన నిబంధనావళి ప్రకారం 5,000 రూపాయలు దాటిన ఖర్చుకు తీర్మానం తప్పనిసరి కనుక ఈ లేఖ రాస్తున్నాను. మహాజన సభ ఈ ఏడాది మార్కెటింగుకు కేటాయించిన 60,000 రూపాయల్లో ఇప్పటిదాకా 22,400 ఖర్చయింది. ఇది కూడా పోగా 24,679 రూపాయలు మిగులుతాయి. సభ్యుల పొదుపు నిధిని గాని, నూలు కొనుగోలు నిధిని గాని ముట్టుకోనవసరం లేదు.

అంత డబ్బు పెట్టే బదులు కొత్త పేరు కొనుక్కుంటే చవక కదా అని కార్యదర్శి గారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కాని పాత చిరునామా అచ్చయిన లేబుళ్లు గోదాములోనే ఇంకా 2,000 దాకా ఉన్నాయి, కొన్నవారి ఇళ్లకు చేరినవి ఎన్నో లెక్కే లేదు. గత ఆర్థిక సంవత్సరంలో ఆ చిరునామాకు వచ్చిన మెయిళ్ల ద్వారా కుదిరిన బేరాలు మన బిల్లు పుస్తకాల ప్రకారం 3,86,400 రూపాయలవి. ఇవి పక్కన పెట్టినా, నన్ను ఎక్కువగా భయపెడుతున్నది వేరే ఉంది. ఆ పేరు మరొకరి చేతికి పోతే, మన పాత ఈమెయిల్ చిరునామాలను వారే మళ్లీ సృష్టించుకుని మనకు వచ్చే ఉత్తరాలను అందుకోగలరు. ఆ మెయిల్‌తో ముడిపడిన మన ఖాతాల పాస్‌వర్డులు మార్చడానికి కూడా ప్రయత్నించగలరు. జీఎస్టీ పోర్టల్‌లో మనం ఇచ్చిన మెయిల్ అదే. ఇక మన చిటికి డిజైన్లను మిల్లు గుడ్డ మీద అచ్చు వేసి ఇక్కత్ అని అమ్మేవారు మన పేరుతోనే దుకాణం తెరిస్తే, మన లేబులే కొనేవారిని అక్కడికి తీసుకుపోతుంది.

వాట్సాప్ ఉండగా ఇదంతా దేనికని పెద్దలు కొందరు అంటున్నారు. తెలిసినవారికి వాట్సాప్ చాలు. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవానికి పెట్టే స్టాలులో మొదటిసారి మన చీర చూసేవారికి చాలదు.

వెబ్‌సైటు ఫైళ్లు భద్రంగానే ఉన్నాయి, ఆ సర్వరు అద్దె డిసెంబరు వరకు చెల్లించి ఉంది. పేరు తిరిగి వచ్చిన ఒకటి రెండు రోజుల్లో సైటు, మెయిళ్లు మామూలుగా పనిచేస్తాయి. మధ్యలో తిరిగిపోయిన మెయిళ్లు మాత్రం రావు. ఆ కాలంలో రాసి ఉండగల పాత కొనుగోలుదారులకు నేనే ఫోన్ చేస్తున్నాను.

త్వరగా అయిపోతుందని నా సొంత కార్డుతో కట్టమని ఇద్దరు సభ్యులు సలహా ఇచ్చారు. వద్దనుకున్నాను. రసీదు నా పేరున వస్తే, ఒక వ్యక్తి పేరు మీద పెట్టి చేసిన పాత పొరపాటునే మళ్లీ చేసినట్లు అవుతుంది. సంఘం ఉమ్మడి ఖాతా నుంచే, అధ్యక్షుల వారు, నేను ఇద్దరం ఆమోదించి చెల్లించాలి. రిజిస్ట్రార్ ఖాతా పాస్‌వర్డును ఆ కుర్రవాడు ఇప్పటికే నాకు అప్పగించాడు. ఈ దశలో హక్కుదారు పేరు మార్చడం కుదరదు గనుక, ముందు పునరుద్ధరించి ఆ పైన సంఘం పేరుకు మార్పించాలి. సంప్రదింపు మెయిల్‌గా ఈ డొమైన్‌లోని చిరునామాను పెట్టకూడదు, పేరు ఆగిపోయిన రోజునే ఆ మెయిల్ కూడా ఆగిపోతుంది కనుక.

మరొక మాట. ‘ఆఖరి హెచ్చరిక’ అంటూ 18,000 రూపాయలు అడుగుతూ కార్యదర్శి గారికి వచ్చిన మెయిల్ మన రిజిస్ట్రార్ పంపింది కాదు. దానికి ఎవరూ జవాబివ్వవద్దని, అందులోని లింకు నొక్కవద్దని మనవి.

జూన్ 28 శనివారం సమావేశంలో ఈ కింది తీర్మానాన్ని పరిశీలించి ఆమోదించవలసిందిగా కోరుతున్నాను:

“సంఘం డొమైన్ పేరు పునరుద్ధరణకు, మూడేళ్ల పొడిగింపుకు 12,921 రూపాయలు మార్కెటింగ్ పద్దు నుంచి చెల్లించుటకు, చెల్లింపు పిమ్మట హక్కుదారుగా సంఘం పేరును, సంప్రదింపునకు అధ్యక్ష, కోశాధికారులిద్దరి ఫోన్ నంబర్లను నమోదు చేయించుటకు, గడువు తేదీని స్థిరాస్తుల రిజిస్టరులో రాసి ఏటా మార్చి సమావేశంలో చదివి వినిపించుటకు పాలకవర్గం తీర్మానించడమైనది.”

28న తీర్మానమైతే 30వ తేదీ సోమవారం బ్యాంకు వేళల్లోనే చెల్లింపు పూర్తి చేసి, రసీదు కార్యాలయంలో ఉంచుతాను. కోరం లేక సమావేశం వాయిదా పడే పక్షంలో, జూలై 5 లోపు మరో తేదీ నిర్ణయించవలసిందిగా అధ్యక్షుల వారిని కోరుతున్నాను.

జతపరచినవి: రిజిస్ట్రార్ ఇచ్చిన లెక్క ప్రతి, గడువు తేదీ కనిపించే పేజీ ముద్రణ, మార్కెటింగ్ పద్దు నకలు.

ఇట్లు,
భవదీయుడు,
కోశాధికారి