అన్నయ్యా, పనేమీ లేదు

అన్నయ్యా, ఎలా ఉన్నావు? ముందే చెప్పేస్తున్నా, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఇంత పొద్దుపోయాక నా దగ్గర్నుంచి మెసేజ్ అంటే నీ గుండె గుభేల్‌మంటుందని తెలుసు. మన చుట్టాల్లో ఊరికే ఎవరు మెసేజ్ పెడతారు చెప్పు! నాకు పనేమీ లేదు. నువ్వు గుర్తొచ్చావు, అంతే.

ఇందాక పాపకి ఎక్కాలు చెప్తున్నా. ఎనిమిది దాకా ఎలాగో లాక్కొచ్చింది, తొమ్మిది దగ్గర ఆగిపోయింది. రేపు క్లాసులో అప్పజెప్పాలట, ఒకటే ఏడుపు మొహం. ఏం తోచక, అరచేతులు నీ వైపు తిప్పుకుని పదివేళ్లూ చాపవే అన్నాను. తొమ్మిది ఎనిమిదులు కావాలా, ఎడమ బొటనవేలి నుంచి లెక్కపెట్టి ఎనిమిదో వేలు ముడువు. ఇవతల 7, అవతల 2. 72! నోరెళ్లబెట్టింది.

తర్వాత నాలుగో వేలు ముడవమంటే దాంతోపాటు చిటికెన వేలూ వంగిపోయింది. 35 అంది. నాకు నవ్వాగలేదు. గుర్తుందా, నాదీ అదే గొడవ! ఉంగరం వేలు ఒక్కటే ముడవడం నాకు చచ్చినా వచ్చేది కాదు. అడిగినప్పుడల్లా 35 అనేదాన్ని. నువ్వు నా చిటికెన వేలు పైకెత్తి పట్టుకుని "ఇప్పుడు లెక్కపెట్టు" అనేవాడివి. బయట అందరూ ఆడుకుంటున్నారు, నిన్ను పిలుస్తూనే ఉన్నారు. పన్నెండేళ్ల పిల్లాడు ఆట వదులుకుని కూర్చోవడమంటే మాటలా? అప్పుడు నాకదేం తట్టలేదు. ఇవాళ దాని వేలు పట్టుకుని కూర్చుంటే తట్టింది.

"నీకెవరు నేర్పారమ్మా?" అంది. మా పెద్దమ్మ కొడుకు, నీకు మామయ్య అన్నాను. "నేను చూశానా?" చూసింది, మూడేళ్ల కిందట పెళ్లిలో. దానికి గుర్తులేదు. నేను మాత్రం నీతో ఏం మాట్లాడాను గనక! ఎప్పుడొచ్చావు, ఎప్పుడెళ్తున్నావు, అంతేగా. ఆ తర్వాత నీ పుట్టినరోజుకి గ్రూపులో అందరూ పెట్టిన కేకు బొమ్మే నేనూ పెట్టి ఊరుకున్నా. నిన్ను దెప్పడానికి రాయట్లేదు, ఫోన్ నా చేతిలోనూ ఉందిగా.

వెంటనే జవాబు ఇవ్వాలని ఏం లేదు. వదినని, పిల్లల్ని అడిగానని చెప్పు. పెద్దాడు నీ అంత ఎత్తయ్యాడని అమ్మ చెప్పింది, నిజమేనా? ఒక ఫొటో పెట్టు, అందరూ ఉన్నది.

అన్నట్టు, మామయ్యకే నేరుగా తొమ్మిదో ఎక్కం అప్పజెప్తానని పాప పట్టుబట్టింది. ఆదివారం నీకు తీరికైతే వీడియో కాల్ చేస్తాం, లేదంటే ఇంకెప్పుడైనా సరే. నాలుగు దగ్గర మాత్రం కాస్త ఓపిక పట్టాలి నువ్వు.