విషయం: 25 నిమిషాల కాల్ వీలవుతుందా మేడమ్? చెనక్కాయ శాంపిళ్ల మీద ఒక్క ప్రశ్న

మేడమ్ గారికి నమస్కారం.

నేను అనూషని, తిరుపతి వ్యవసాయ కళాశాల, ప్లాంట్ పాథాలజీ ఎమ్మెస్సీ రెండో ఏడాది. ఈ నెలాఖరులో గానీ వచ్చే నెల మొదట్లో గానీ ఒక 25 నిమిషాలు మీతో మాట్లాడే వీలుంటుందేమో అడుగుదామని రాస్తున్నాను.

ఆగస్టులో అరగంటని చెప్పి గంటా పది నిమిషాలు మిమ్మల్ని కూర్చోబెట్టేశాను. వెనక మీ బాబు రెండుసార్లు "అమ్మా, ఆకలి" అనడం వినిపించినా ఆపలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అందుకే ఈసారి ప్రశ్న ముందే రాసేస్తున్నాను.

కదిరి చుట్టుపక్కల రైతుల దగ్గర నిల్వ ఉన్న కాయలో అఫ్లటాక్సిన్ చూశాను. ఒకే బస్తాలోంచి మూడుసార్లు తీస్తే ఎలైజాలో 2, 46, 5 పీపీబీ వచ్చాయి. మొదట కిట్‌ని తిట్టుకున్నాను. తర్వాత మీరన్నది గుర్తొచ్చింది: బూజు పట్టిన గింజలు బస్తాకి ఏ కొన్నో ఉంటాయి, విషమంతా వాటిలోనే. ఇప్పుడు రెండు కిలోలు తీసి, మొత్తం పొడి చేసి, అందులోంచి 20 గ్రాములు తీసుకుంటున్నాను. అంకెలు కొంత దగ్గరికొచ్చాయి.

ఇక మిగిలింది 90 పరీక్షలకు సరిపడా కిట్లే. 45 మంది రైతుల దగ్గర రెండేసి తీయనా, 15 మంది దగ్గర ఆరేసి తీయనా? మా గైడ్ సార్ ఎక్కువ ఊళ్లు తిరగమంటున్నారు. నాకేమో ఒక్కో బస్తా అంకె నమ్మకంగా రాకపోతే ఎన్ని ఊళ్లు తిరిగి ఏం లాభం అనిపిస్తోంది. మిమ్మల్ని అడుగుతున్నట్టు సార్‌కి చెప్పాను, "అడుగు, నాకూ తెలుస్తుంది" అన్నారు.

మీ టెక్సాస్ టైమ్ ప్రకారం అక్టోబరు 27 మంగళవారం రాత్రి 8.30 (మాకు బుధవారం ఉదయం 7), లేదా 29 గురువారం ఉదయం 7.30 (మాకు సాయంత్రం 6). నవంబరు 1న మీ గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి కాబట్టి, 3వ తేదీ మంగళవారం రాత్రి 8.30 అయితే మాకు బుధవారం ఉదయం 8. ఇవేవీ కుదరకపోతే మీకు వీలైన టైమ్ చెప్పండి, అర్ధరాత్రైనా హాస్టల్ మెట్ల మీద కూర్చుని మాట్లాడతాను. సిగ్నల్ అక్కడే బాగుంటుంది.

ఒక పేజీ పట్టిక జత చేశాను. అది చూశాక రెండు ముక్కల్లో జవాబు రాస్తే చాలనిపిస్తే కాల్ అక్కర్లేదు మేడమ్. వాయిస్ మెసేజ్ పెట్టినా సరే.

నవంబరు రెండో వారంలో ఇక్కడ కాయ పీకడం మొదలవుతుంది, ఈలోపు రైతుల జాబితా తేల్చుకోవాలి. 5వ తేదీ వరకు చూసి, మీకు తీరిక దొరకలేదంటే సార్ చెప్పినట్టే 45 మందితో వెళ్లిపోతాను. మళ్లీ గుర్తుచేస్తూ మెయిల్ పెట్టను.

బాబుని అడిగానని చెప్పండి.

ఇట్లు,
అనూష