మా ఇంటి మొదటి ఇంజినీరుకి 🎓

చిన్నీ,

కంగ్రాట్యులేషన్స్ రా! 🎉🎓🥹

పొద్దున నువ్వు ప్రొవిజనల్ సర్టిఫికెట్ తెచ్చి చేతిలో పెడితే నేనేమీ అనలేదు కదా. "ఉండు, ఉస్మానియా బిస్కెట్లు తెస్తా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాను. ఇంట్లో బిస్కెట్ల డబ్బా నిండుగానే ఉంది, అది నీకూ తెలుసు. గల్లీ చివర ఇరానీ హోటల్ ముందు ఐదు నిమిషాలు ఊరికే నిలబడి, కళ్ళు తుడుచుకుని వచ్చాను. అందుకే ఇప్పుడు రాత్రి పదకొండున్నరకి, నువ్వు పక్క గదిలోనే ఉన్నా, వాట్సాప్‌లో రాస్తున్నాను. ఎదురుగా నిలబడి ఇలాంటివి చెప్పడం మన ఇంట్లో ఎవరికీ చేతకాదు. నాన్నకైతే అసలే రాదు. 😅

నాన్న సంగతి నీకు తెలుసో లేదో. మధ్యాహ్నం నీ సర్టిఫికెట్ జిరాక్స్ తీయించుకొచ్చాడు. ఒకటి చాలు కదా అంటే "మూడు తీయమన్నా, ఉండనీ" అన్నాడు. అందులో ఒకటి మడిచి టికెట్ల సంచీలో పెట్టుకున్నాడు. రేపు డిపోలో ఎంతమందికి చూపిస్తాడో లెక్క ఉండదు. 😎 నువ్వు ఒకసారి ఎల్బీ నగర్‌లో ఆయన బస్సే ఎక్కితే, అందరి ముందూ "ఆధార్ చూపించమ్మా" అని అడిగి మరీ జీరో టికెట్ కొట్టిచ్చాడు చూడు, ఆ మనిషే ఇవాళ పక్కింటి వాళ్ళని పిలిచి "మా అమ్మాయి ఈసీఈ, ఫస్ట్ క్లాస్" అని చెప్తున్నాడు. ఈసీఈ అంటే ఏంటని వాళ్ళు అడిగితే మాత్రం నా వైపు చూశాడు.

సరే, అసలు విషయానికి వస్తాను. పొద్దున నువ్వు ఒక మాట అన్నావు. "నా కోసం నువ్వు చదువు మానేశావన్నా, ఇది నీదే" అని. అది విని నాకు గర్వంతో పాటు సిగ్గు కూడా వేసింది. ఎందుకంటే అది నిజం కాదు.

నేను డిగ్రీ సెకండియర్‌లో ఆపేశానంటే నీ ఫీజు కోసమని అమ్మ అందరికీ చెప్పుకుంది. పెద్దమ్మ ఆ మాటకి ఇంకో నాలుగు కలిపింది. పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో "చెల్లి కోసం చదువు వదులుకున్నాడు పాపం" అంటుంటే నేనూ కాదనలేదు. వినడానికి బాగుంది కదా మరి. నిజం ఏంటంటే, అకౌంటెన్సీలో రెండు పేపర్లు పోయాయి, మూడోది కూడా పోయేలా ఉంది. క్లాసులో కూర్చుంటే నిద్ర, జగదీశ్ మార్కెట్‌లో ఫోన్ విప్పి కూర్చుంటే టైమే తెలిసేది కాదు. నువ్వు అప్పటికి తొమ్మిదో తరగతి. నీ ఫీజుకీ, నా డిగ్రీకీ ఏ సంబంధమూ లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో షాపు పెట్టుకున్నాక నేను ఒక్క రోజు కూడా బాధపడలేదు. కాబట్టి నువ్వు నాకు ఏమీ బాకీ లేవు. ఈ ఒక్క ముక్క చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. డిగ్రీ నీది. చదివింది నువ్వు, ఏడ్చింది నువ్వు, పాసైంది నువ్వు. 🫡

ఏడ్చింది అంటే గుర్తొచ్చింది. ఫస్ట్ సెమ్ మ్యాథ్స్ పోయినప్పుడు రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు నువ్వు. రిజల్ట్స్ సైట్ ఓపెన్ అవడం లేదని చెప్పావు. జేఎన్‌టీయూ సైట్ రిజల్ట్స్ రోజు మొరాయించడం మామూలే కాబట్టి ఇంట్లో అందరూ నమ్మేశారు. మూడో రోజు షాపుకొచ్చి, కస్టమర్లు వెళ్ళేదాకా స్టూలు మీద కూర్చుని, "అన్నా, బ్యాక్‌లాగ్" అన్నావు. అంతే, ఇంకో మాట లేదు. నాకు నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాను. ఇంటర్‌లో తొంభై ఆరు శాతం తెచ్చుకున్న పిల్లకి ఒక పేపర్ పోతే ప్రపంచం కూలిపోయినట్టుంటుందని అప్పుడు నాకు అర్థం కాలేదు. ఒకటి పోతే రెండోది ఎలాగూ పోతుందిలే అనుకునే రకం నేను. నువ్వు అలా అనుకోలేదు. సప్లీకి నువ్వు చదివిన చదువు నేను చూశాను. అదే మ్యాథ్స్‌లో తర్వాతి సెమ్‌కి 'ఏ' గ్రేడ్ తెచ్చుకున్నావు! 💪

ఎంసెట్ రోజు కూడా గుర్తుందా? 2022 జులై. ఊరంతా వాన. అగ్రికల్చర్ వాళ్ళ పరీక్ష వాయిదా పడిందని టీవీలో చెప్తుంటే నీది కూడా పడుతుందని ఆశపడ్డావు. ఇంజినీరింగ్ వాళ్ళది పడలేదు. నేను బండి మీద దింపితే హాల్‌టికెట్ ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకుని చుడీదార్ మోకాళ్ళదాకా తడిసి లోపలికి వెళ్ళావు. 160 మార్కుల పేపర్ అది. ఇవాళ బీటెక్ మొత్తం లెక్క చూస్తే అదీ 160 క్రెడిట్లే. మధ్యలో ఎనిమిది సెమిస్టర్లు, ఇబ్రహీంపట్నం వైపు పోయే కాలేజీ బస్సు, పొద్దున 7:20కి కారియర్ మూత పెట్టలేక అమ్మ అరుపులు. రీయింబర్స్‌మెంట్ డబ్బులు రాలేదని కాలేజీ ఆఫీసులో మెమో ఆపేసిన రోజు గురించి రాయను, పండగపూట బీపీ ఎందుకు. 😤

నేను షాపులో అందరికీ చెప్పుకునేది మాత్రం నీ మేజర్ ప్రాజెక్ట్ గురించి. 😍

సరూర్‌నగర్‌లో రోజు విడిచి రోజు నల్లా, అదీ ఏ టైమ్‌కి వస్తుందో తెలీదు. అమ్మ మూడింటికి లేచి నల్లా తిప్పి చూసి మళ్ళీ పడుకునేది. నువ్వు దాన్ని ప్రాజెక్ట్ చేస్తానన్నప్పుడు నేను చిన్న విషయమే కదా అనుకున్నాను. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళి ఫ్లో సెన్సార్, నోడ్‌ఎంసీయూ బోర్డు, జంపర్ వైర్లు తెచ్చాం. నీళ్ళు వస్తే సెన్సార్ లోపలి చక్రం తిరగాలి, చక్రం తిరిగితే ఫోన్ మోగాలి. మోగింది. తెల్లవారుజామున నాలుగింటికి. అమ్మ బిందెలు తీసుకుని పరిగెత్తింది, నాన్న మోటర్ వేశాడు. నల్లాలోంచి భుస్సుమని గాలి! 🤣 ఆ వారంలో మూడుసార్లు అదే జరిగింది. నాలుగోసారి మోగితే "మీ ప్రాజెక్టు వద్దు, నా నిద్ర నాకివ్వండి" అంది అమ్మ.

నేనైతే సెన్సార్ మంచిది కాదని ఇంకోటి కొనమనేవాణ్ణి. రిపేర్ షాపు బుర్ర అంతే, పార్ట్ మార్చెయ్. నువ్వు మార్చలేదు. ఆ రాత్రి వంటింట్లో పీట వేసుకుని, నల్లా పైపు దగ్గర చెవి పెట్టి కూర్చున్నావు. నీళ్ళకి ముందు పైపులో ఉన్న గాలి తోసుకొస్తుందని, చక్రానికి గాలి, నీళ్ళు తేడా తెలీదని కనిపెట్టావు. తర్వాత ఒక ప్లాస్టిక్ మూతకి రెండు రాగి తీగలు గుచ్చి పైపు కింద పెట్టావు. గాలి వస్తే తీగల మధ్య కరెంటు పారదు, నీళ్ళు తగిలితే పారుతుంది. చక్రమూ తిరగాలి, తీగలూ తడవాలి, అప్పుడే ఫోన్ మోగాలి. పది రూపాయల ఖర్చు కూడా కాలేదు. రెండు వారాలకి రాగికి పచ్చగా చిలుము పట్టేస్తే తీగలు తీసి స్టీల్ బోల్టులు పెట్టావు, కరెంటు అస్తమానం పారకుండా పది సెకన్లకోసారి మాత్రమే వెళ్ళేలా కోడ్ మార్చావు. చిన్నీ, ఇన్నేళ్ళుగా సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నవాణ్ణి నేను. నాకు తట్టలేదది. ఆ రోజే నాకు నువ్వు ఇంజినీరువి. ఇవాళ వచ్చింది కాయితం మాత్రమే. 🥹👏

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ "సెన్సార్ ఉండగా మళ్ళీ ఈ బోల్టులెందుకమ్మా" అని అడిగితే "గాలికి మా అమ్మ మూడుసార్లు నిద్ర లేచింది సార్" అన్నావంట కదా. నీ ఫ్రెండ్ షాపుకొచ్చినప్పుడు చెప్పింది. నేను ఆ రోజు నుంచి స్క్రీన్ గార్డ్ వేయించుకోవడానికి వచ్చినవాళ్ళకి కూడా చెప్తున్నాను. 😂 ఒకాయన మా ఇంటికీ ఒకటి చేసిపెట్టమన్నాడు. నా చెల్లెలు బిజీ అన్నాను.

ఉద్యోగం గురించి చుట్టాలు అడుగుతూనే ఉంటారు. పెద్దమ్మ రేపు ఫోన్‌లో కంగ్రాట్స్ కంటే ముందు "ప్యాకేజీ ఎంత" అంటుంది, చూడు. క్యాంపస్‌లో రెండు కంపెనీలు ఫైనల్ రౌండ్ దాకా తీసుకెళ్ళి వదిలేశాయని నువ్వు లోపల్లోపల కుమిలిపోతున్నావు, నాకు తెలుసు. సాఫ్ట్‌వేర్‌కి వెళ్తావో, వీఎల్‌ఎస్‌ఐ నేర్చుకుంటానని అమీర్‌పేట బాట పడతావో, గేట్ రాస్తావో, నీ ఇష్టం. వచ్చే వారం ఇంటర్వ్యూకి ఆ నల్లా డబ్బా పట్టుకెళ్ళు. రెజ్యూమె చదివేవాళ్ళకంటే దాన్ని విప్పి చూసేవాళ్ళ దగ్గరే నువ్వు బాగుంటావని నా నమ్మకం. నీ డబ్బు నీ పేరు మీదే దాచుకో, నాకు మొదటి జీతంతో షర్ట్ కొనాలనే సినిమా ఆలోచన పెట్టుకోకు. కొంటే కొను, వద్దనను. 😜 కానీ బాకీ తీర్చినట్టు కొనకు.

ఆదివారం మధ్యాహ్నం అందరం కలిసి బిర్యానీకి వెళ్తున్నాం. నాయనమ్మని కూడా తీసుకెళ్దాం, ఆవిడకి కొత్త చీర తీయమని అమ్మకి చెప్పాను. నువ్వు తయారవడానికి గంటన్నర తీసుకుంటే ఆటో మనల్ని వదిలేసి పోతుంది, ముందే చెప్తున్నా. నాన్న బిల్లు నేనే కడతానంటున్నాడు. కట్టనీ, ఆయన సంతోషం.

నీ సర్టిఫికెట్ ఫోటో నా డీపీ పెట్టాను. హాల్‌టికెట్ నంబర్ కనపడకుండా కట్ చేశాను, టెన్షన్ పడకు. షాపు గోడ మీదికి ఒక జిరాక్స్ కూడా తీసుకెళ్తున్నా, నాన్న మూడు తీయించింది అందుకేనేమో. ❤️🥹🎓

ఇది రాస్తుండగానే గుర్తొచ్చింది, ఇవాళ నల్లా రోజు. నువ్వు ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుని పడుకో. మోగితే నేను లేచి బిందెలు పెడతా.

నీ
అన్న 😎