మన అపార్ట్‌మెంట్ ఖాతాలో లోటు గురించి

అందరికీ నమస్కారం. ఈ ఏడాది లెక్కల్లో 2,40,000 రూపాయలు తక్కువ పడ్డాయి. మార్చిలోనే బోరు ఎండిపోయి జూన్ దాకా ట్యాంకర్ల మీదే బతికాం కదా, వాటికే అనుకున్నదానికంటే 1,30,000 ఎక్కువైంది. వేసవికి తక్కువ లెక్క వేసింది మేమే, ఆ తప్పు కమిటీదే. లిఫ్ట్ రోప్ మార్చడానికి 70,000. మిగతా 40,000 మెయింటెనెన్స్ బకాయిలు.

కార్పస్ ఫండ్ తీద్దామని కొందరన్నారు, కానీ రేపు మోటారు కాలిపోతే చేతిలో ఏమీ ఉండదు. ఒకేసారి 5,000 కట్టమంటే పెన్షన్ మీద ఉన్నవాళ్లకు చాలా కష్టం. అందుకే బకాయిలు ఈ నెలాఖరులోగా వసూలు చేసి, 40 ఫ్లాట్ల నుంచీ పది నెలలపాటు నెలకు 500 అదనంగా తీసుకోవాలని నిర్ణయించాం. పదకొండో నెల నుంచి మళ్లీ పాత 2,500 మాత్రమే. బిల్లులన్నీ వాచ్‌మన్ గదిలో ఫైల్లో ఉన్నాయి, దయచేసి వచ్చి చూడండి.

– కోశాధికారి